పోయే దారి ఇరుకు

టెలిఫోన్ తీగలు స్తంభాల మీద వేలాడే రోజుల్లో పనిలో చేరి, ఇప్పుడు ఇళ్ళకు ఇంటర్నెట్ ఇచ్చే చిన్న కంపెనీలో ఫిర్యాదులు చూసే ఆమెను తోటివాళ్ళు తీగక్క అంటారు. నిచ్చెన భుజాన వేసుకుని తలుపు కొడితే, మగవాళ్ళెవరూ రాలేదా అని అడిగిన ఇళ్ళు ఆమెకు లెక్కలేనన్ని. అడిగినవాళ్ళలో సగం మంది రూటర్ ప్లగ్గు పెట్టడం మరిచిపోయినవాళ్ళే. ఇరవై ఆరేళ్ళు అలా గడిచాక మనుషుల మీద ఆమెకు పెద్ద గౌరవమేమీ మిగల్లేదు. మిగిలిన ఆ కాస్తలోనూ సొంత అక్క మొగుడైన బావకు దక్కిన వాటా సున్నా.

బావ ఒక సబ్బుల కంపెనీలో సేల్స్ మేనేజరుగా చేసి, ముందుగానే పదవీ విరమణ తీసుకున్నాడు. అరవడానికి కింద మనుషులు లేకపోయేసరికి మూడు నెలలు ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఆ తర్వాత ఆన్‌లైన్ కారు పందేలు కంటబడ్డాయి. భోజనాల బల్లకు స్టీరింగు బిగించాడు. రేసు కారులో ఉండేలాంటి కుర్చీ తెప్పించాడు. ముఖం వెలగడానికి గుండ్రటి దీపం పెట్టాడు. అప్పటినుంచి అక్క ఒళ్ళో కంచం పెట్టుకుని తింటోంది.

ఆడి ఊరుకుంటే గొడవ లేదు. ఆడుతున్నది లోకానికి చూపించాలి. ప్రతి ఆదివారం నాలుగింటికి లీగు పందెం మొదలవుతూనే ఆయన లైవ్ పెట్టి, మిత్రులారా అని గొంతు సవరించుకునేవాడు. మిత్రులు ఇరవై ముగ్గురు. పందెం మొదలైన నిమిషానికే ఎదుటి కార్లు కప్పల్లా గెంతేవి. ఈయన మలుపు తిప్పితే కారు, ఆటగాళ్ళ భాషలో లాగ్ అయి, ఆలస్యంగా తిరిగి గోడను గుద్దేది. అవతలివాళ్ళకు ఈయన కారే ఉన్నచోట మాయమై ఇంకోచోట తేలేది. ఏమిటీ గుద్దుడని వాళ్ళు తిట్టేవాళ్ళు. ఈయన ఇంటర్నెట్ కంపెనీని తిట్టేవాడు. తిట్టడంలో మాత్రం ఏనాడూ లాగ్ లేదు.

పదకొండు ఫిర్యాదులు రాశాడు. పదకొండూ తీగక్క బల్ల మీదికే వచ్చాయి. మనుషుల్ని పంపి బయట లైను రెండుసార్లు పరీక్ష చేయించింది. లోపం లేదు. పన్నెండోదాంట్లో సిబ్బందికి పని రాదని రాశాడు. అది చదివి నవ్వి పక్కన పడేసేదే గానీ, ఆ వారమే ఇంకో సంగతి తెలిసింది. వరుసగా నాలుగు ఆదివారాలు అక్క ఫోను స్విచ్ఛాఫ్ వస్తోంది. ఏమిటని అడిగితే, మీ బావ ఆట అయ్యేవరకు కట్టేయమన్నారే, నా ఫోను స్పీడంతా లాగేస్తోందట అంది అక్క. హాస్టల్లో ఉన్న కూతురికి ఆదివారం నాలుగు నుంచి అయిదు వరకే ఫోను చేతికిస్తారు. నెల రోజులుగా ఆ పిల్ల చేస్తోంది, తల్లి దొరకడం లేదు.

ఆ ఆదివారం తీగక్క మూడున్నరకే లాప్‌టాప్ పట్టుకుని అక్క ఇంట్లో దిగింది.

బావ ముందుగా తన సిద్ధాంతం వినిపించాడు. తనకు పేరు పెరుగుతోంది, చూసేవాళ్ళు ఎక్కువవుతున్నారు, అంతమంది ఒక్కసారి మీద పడితే మీ లైను తట్టుకోలేకపోతోంది అన్నాడు. తీగక్క నవ్వలేదు, కష్టం మీద.

"బావా, మీ ఇంట్లోంచి వీడియో ఒక్కసారే బయటికి వెళ్తుంది. అక్కడ లైవ్ చూపించే కంపెనీ మిషన్లు అందరికీ పంచుతాయి. ఇరవై ముగ్గురు చూసినా ఇరవై లక్షలు చూసినా మీ లైనుకి ఒకటే బరువు," అంది.

ఆయన ముఖంలో గుండ్రటి దీపం ఒక్కటే మిగిలింది.

ఆమె లాప్‌టాప్‌ను తీగతో రూటర్‌కు కలిపి, కంపెనీ యంత్రానికి సెకనుకొక పలకరింపు పంపడం మొదలుపెట్టింది. జవాబు పదిహేను, పదహారు మిల్లీసెకన్లలో తిరిగొస్తోంది. ఇప్పుడు అక్క ఫోనులో సీరియల్ పెట్టమంది. అంకె పద్దెనిమిదైంది, మళ్ళీ పదహారుకొచ్చింది. ఇప్పుడు మీరు లైవ్ పెట్టండి అంది. పెట్టాడు. అరవై, రెండొందలు, అయిదొందలు, ఎనిమిదొందలు. ఆపమంది. రెండు క్షణాల్లో పదహారు. మళ్ళీ పెట్టించింది, మళ్ళీ ఎనిమిదొందలు. మూడోసారి అక్క స్టూలు లాక్కుని దగ్గరగా కూర్చుని చూసింది.

"నాది వంద ఎంబీపీఎస్ స్పీడు కదా," అన్నాడు బావ.

"వంద వచ్చేదానికి. పోయేదానికి ఎనిమిదే. మీరు వీడియోని ఎనిమిది దగ్గరే పెట్టుకున్నారు, బొమ్మ తళతళలాడాలని. పోయే దారి ఇరుకు బావా. గుమ్మంలో బీరువా అడ్డంగా ఇరికించి, వెనకాల చిన్న చీటీ పట్టుకుని నిలబడ్డారు. మీరు స్టీరింగ్ తిప్పారన్న కబురే ఆ చీటీ. బీరువా కదిలేదాకా అది బయటికి పోదు."

"మరి మీ అక్క ఫోను?"

"సీరియల్ లోపలికొచ్చే సరుకు, ఆ దారి ఖాళీగానే ఉంది. ఇక కూతురి ఫోనంటారా, అది సిమ్ కార్డు మీదొస్తుంది. దానికీ ఈ తీగకీ చుట్టరికం కూడా లేదు."

అక్క లేచి ఫోను చేతిలోకి తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మందు పెద్దది కాదు. తీగక్క వీడియోను ఎనిమిది నుంచి నాలుగుకు దించింది. ఎనిమిది కొమ్ముల రూటర్ కొన్నాడే గానీ బావ దాని సెట్టింగులు ఒక్కరోజూ తెరవలేదు. అందులో, పోయే దారిని ఏడుకు కట్టేసి, చిన్న కబుర్లు పెద్ద సరుకు వెనకాల వరస కట్టకుండా చూసే ఏర్పాటు ఉంది. దాన్ని నొక్కింది. లైవ్ నడుస్తుండగానే అంకె ఇరవై దగ్గర నిలబడింది. బొమ్మ కాస్త మెత్తబడిందని బావ సణిగాడు. మీ ముఖం అంత వివరంగా ఎవరికీ అక్కర్లేదు బావా అంది.

పందెం మొదలైంది. ఒక్క కారూ గెంతలేదు. తిప్పినప్పుడే తిరిగింది, తొక్కినప్పుడే ఆగింది. వంటింట్లోంచి అక్క కూతురితో మాట్లాడుతున్న గొంతు వినబడుతోంది. బావ మొదటి మలుపులో గడ్డిలోకి వెళ్ళాడు. రెండో మలుపులోనూ వెళ్ళాడు. వంకేదీ దొరక్కపోయేసరికి మిత్రులారా అనడం కూడా మానేశాడు. పదహారు మందిలో పద్నాలుగో వాడిగా వచ్చాడు. మిగిలిన ఇద్దరూ మధ్యలో మానేసినవాళ్ళు. అంకుల్, మీ కారుకి బ్రేకుందా అని ఒకడు రాశాడు. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదని సామెత. ఇక్కడ మద్దెలకు మరమ్మతు కూడా అయిపోయింది, ఆడలేనమ్మ ఒక్కతే మిగిలింది. తీగక్కకు ఒక్క క్షణం జాలి వేయబోయింది. అంతలో ఆయన, స్టీరింగ్ నాసిరకం మాల్ అన్నాడు. జాలి వచ్చిన దారినే పోయింది.

మూడు వారాల తర్వాత పదమూడో ఫిర్యాదు వచ్చింది. మళ్ళీ లాగ్, మళ్ళీ మీ లైనే. తీగక్క ఆఫీసు తెర మీద ఆ ఇంటి వాడకం లెక్క తెరిచి చూసింది. ఆదివారం నాలుగు నుంచి అయిదు దాకా పోయే దారి గీత ఎనిమిది దగ్గర బల్లపరుపుగా, గీసిపెట్టినట్టు ఉంది. అంటే రూటర్‌లో తను ఏడు దగ్గర పెట్టిన కట్టు తీసేసి ఉంది. వీడియో మళ్ళీ ఎనిమిదికి ఎక్కింది. ఆమె అది తెలియక చేసిన పని అనుకోలేదు. లాగ్ పోయాక ఆయనకు చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు, అందుకని తెచ్చి పెట్టుకున్నాడు. కాలికి కట్టు కట్టుకుని పరుగు పందెంలో ఓడిపోయేవాణ్ణి ఎవరూ ఏమీ అనరు కదా.

అక్కకు ఫోను చేసి అడిగింది. అవునే, ఆయనే మార్చుకున్నారు, నన్ను ఫోను కట్టేయమనబోయారు గానీ కుదరదన్నాను, మారు మాట్లాడలేదు అంది అక్క.

తీగక్క ఫిర్యాదు కింద, లైనులో లోపం లేదు, వినియోగదారుడు పోయే దారిని కావాలనే నింపుకుంటున్నాడు అని రాసి మూసేసింది. తర్వాతి ఫిర్యాదు ఒక పళ్ళ డాక్టరుది. ప్లగ్గు పెట్టారేమో ముందు అడగమని పక్కవాళ్ళకు చెప్పి, నిచ్చెన అందుకుంది.