వెనక సీటు దాకా

మా బడి బస్సులో ఒక పసివాడు ఉండిపోయిన రోజు నేను ఆఫీసులోనే ఉన్నాను. రవాణా విభాగంలో గుమాస్తాను. ఏ బస్సు ఏ వీధి మీదుగా రావాలి, ఏ పిల్ల ఎక్కడ ఎక్కాలి అన్నది చూసుకోవడం నా పని. బడి గంట కొట్టి చాలాసేపయ్యాక, బస్సులు నిలిపే ఆవరణ నుంచి ఒక డ్రైవరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. అతని చేతుల మీద కేజీ పిల్లవాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని దేన్నీ చూడడం లేదు.

అది మే నెల. బహ్రెయిన్‌లో ఆ నెలలో తలుపులు మూసి ఎండలో నిలిపిన బస్సులోకి పెద్దవాళ్ళం ఎక్కినా ఊపిరాడదు. ఆ బాబు ఎక్కిన బస్సు అతనిది కాదు. అతను పక్కనే తన బస్సు కడుగుతూ ఉంటే ఈ బస్సు లోపల ఏదో గీకుతున్న చప్పుడు వినిపించిందట.

బాబు బతికాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాడు కూడా. కానీ ఆ తర్వాత తండ్రి కారు ఎక్కించబోయినా గుక్క పట్టి ఏడ్చేవాడని వాళ్ళ అమ్మ ఫోనులో చెప్పింది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త తేలికగా ఉండేదేమో.

ఆ బస్సులో ఆయాగా పనిచేసే ఆవిడ నాకు బాగా తెలిసిన మనిషి. కోనసీమ వైపు నుంచి వచ్చింది. శుక్రవారాలు మా తెలుగు క్రైస్తవ సహవాసంలో పక్కపక్కన కూర్చునేవాళ్ళం. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమెనూ, ఆ బస్సు డ్రైవరునూ పోలీసులు పిలిపించారు. కేసు తేలేదాకా దేశం వదిలి వెళ్ళకూడదన్నారు. బడివాళ్ళు ఇద్దరినీ పనిలోంచి తీసేశారు.

బస్సు చెక్ చేయడం ఆయా పని అని డ్రైవరు అన్నాడు. అక్క మాత్రం ఎవరు ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట చెప్పింది.

"నేను చెక్ చేశానండి."

ఎవరూ నమ్మలేదు. చెక్ చేస్తే బాబు లోపల ఎలా ఉంటాడు? ఉద్యోగం కోసం అబద్ధమాడుతోందని స్టాఫ్‌రూములో అనుకున్నారు. నేను వాదించలేదు. నాకూ వేరే జవాబు తోచలేదు.

వారం తిరక్కుండానే మా మేనేజరు నన్ను పిలిచి పాత విధాన పత్రం చేతిలో పెట్టాడు. ఆయన మలయాళీ, సౌమ్యుడు. ఆ వారంలో ఆయన మొహం నల్లబడిపోయింది.

"దీన్ని మళ్ళీ రాయండి. రేపు కొత్తగా చేరిన మనిషి ఇది చదివితే చాలు, ఇంకెవరినీ అడగకుండా పని చేయగలగాలి. ప్రభుత్వం వాళ్ళు తనిఖీకి వస్తారు" అన్నాడు.

ఇంగ్లీషులో ఉన్న ఆ పత్రాన్ని అంతకుముందు ఎవరైనా చివరిదాకా చదివారో లేదో నాకు అనుమానమే. దాని మాటల తీరు తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: "పిల్లలందరూ దిగినట్లు నిర్ధారించుకొని, చిన్న తరగతుల వారిని తరగతి గదులకు చేర్చవలెను. నమోదు పత్రంపై సంతకము చేయవలెను. బస్సును నిలుపుటకు ముందు చెక్ చేయవలెను." ఎవరు నిర్ధారించుకోవాలి? ఎవరు చెక్ చేయాలి? ఎక్కడా మనిషి లేడు. సంతకం ముందు వచ్చింది, చెక్ తర్వాత. పిల్లల్ని తీసుకుని ఆయా లోపలికి వెళ్ళిపోతే, బస్సు నిలిపే చోటికి ఆమె రాదు. అంటే మిగిలేది డ్రైవరు. డ్రైవరుకేమో అది తన పనని ఎవరూ చెప్పలేదు.

రెండు రోజులు కూర్చుని దాన్ని విడగొట్టాను. ఒక్కో వాక్యంలో ఒక్కటే పని. ప్రతి వాక్యం మొదట్లో ఆ పని చేసే మనిషి: ఆయా, డ్రైవరు, లేదా ఆఫీసు. "అవసరాన్ని బట్టి", "వీలైనంత త్వరగా" లాంటివి కొట్టేశాను. సంతకాన్ని చివరికి జరిపాను. పిల్లల్ని తరగతికి తీసుకెళ్ళే పని ఆయాల నుంచి తప్పించి, టీచర్లే బస్సు తలుపు దగ్గరికి వచ్చి అందుకోవాలని రాశాను. దానికి ప్రిన్సిపాలుగారితో రెండుసార్లు మాట్లాడాల్సి వచ్చింది. "ఆయా: బస్సును చెక్ చేయాలి" అని ఒక మెట్టు. ఆ వాక్యం నాకు శుభ్రంగానే కనిపించింది. మనిషి ఉంది, పని ఉంది.

ఆ శుక్రవారం ప్రార్థన అయ్యాక ఉమ్మ్ అల్ హస్సామ్‌లో అక్క ఉండే గదికి వెళ్ళాను. అన్నం, చేపల పులుసు పట్టుకెళ్ళాను. మంచం అంచున కూర్చుని ఉంది. గిన్నె మూత కూడా తీయలేదు.

"కొత్తగా రాస్తున్నావంటగా" అంది.

"అవునక్కా. పొద్దున్న ఏం జరిగేదో ఒకసారి వరసగా చెప్తావా? పనికొస్తుంది."

"చెప్పి చెప్పి నోరు పడిపోయిందే అమ్మాయ్. పోలీసులకి చెప్పా, బడివాళ్ళకి చెప్పా, ఆ దుబాసీకి చెప్పా. చెక్ చేశానంటే నవ్వుతారు. ఇంక నన్నేం అడక్కు."

అడగలేదు. కాసేపు కూర్చుని వచ్చేశాను.

అక్క స్థానంలోకి జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒకావిడ చేరింది. అంతకుముందు సీఫ్‌లో మాల్ శుభ్రం చేసే పనిలో ఉండేది. బస్సు పని బొత్తిగా తెలియదు. నాకు కావలసిందీ అలాంటి మనిషే. నేను రాసింది తెలుగులోకి మార్చి ఆమె చేతికిచ్చాను. ఖాళీ బస్సును గేటు దగ్గర నిలిపించాను. ఆమె రాకముందే కేజీ గదిలోంచి ఒక గుడ్డ బొమ్మ తెచ్చి, చివరి వరసలో సీటు కింద పడుకోబెట్టాను.

"ఇందులో ఎట్లా ఉంటే అట్లా చెయ్యండి. నన్నేమీ అడగొద్దు, నేనేమీ చెప్పను" అన్నాను.

ఒక్కో వాక్యం వేలు పెట్టి చదువుకుంటూ చేసుకుపోయింది. పిల్లలు దిగుతున్నట్టు ఊహించుకుని తలుపు పక్కన నిలబడి, ఒక్కొక్కరి పేరు పక్కన గీత పెట్టింది. చెక్ చేయాలన్న మెట్టు దగ్గరికి వచ్చేసరికి బస్సెక్కి, డ్రైవరు సీటు పక్కన నిలబడి, అటు చివరిదాకా ఓసారి కళ్ళు తిప్పింది. దిగింది.

"చెక్ చేసిన మేడం. ఖాళీగనే ఉన్నది."

ఆమె అబద్ధం చెప్పలేదు. నేను రాసినట్టే చేసింది. నేనూ బస్సెక్కి ఆమె నిలబడిన చోట నిలబడ్డాను. సీట్ల వీపులు ఎత్తుగా, ఒకదాని వెనక ఒకటి, గోడలా ఉన్నాయి. బొమ్మే కాదు, వెనక సీట్లో ఒక పిల్లాడు ఒరిగి పడుకుని ఉన్నా అక్కణ్ణుంచి కనిపించడు.

అక్క కూడా చెక్ చేసింది. కింద ఎండలో చిన్నపిల్లలు వరసగా నిలబడి తనకోసం చూస్తుంటే, తలుపు దగ్గర నిలబడి లోపలికి చూసింది. ఖాళీగా కనిపించింది. వెళ్ళింది. ఆ మాటే ఇన్నాళ్ళూ చెప్తోంది.

"ఏమైంది మేడం? నేనేమన్న తప్పు జేసిన్నా?" కొత్తావిడ భయపడింది.

"నువ్వు కాదమ్మా. నేను తప్పు రాశాను."

బొమ్మ తీసి చూపించాను. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, గిక్కడున్నదా! గిట్ల వంగి సూడమని రాస్తే సూసేదాన్ని గద మేడం" అంది.

ఆ రోజే ఆ మెట్టును మళ్ళీ రాశాను. ఆయా బస్సు ముందు నుంచి చివరి సీటు దాకా నడవాలి. నడుస్తూ ప్రతి వరస దగ్గర ఆగి, వంగి, రెండు వైపులా సీటు మీదా సీటు కిందా చూడాలి. అప్పుడే దిగి డ్రైవరుకు "ఖాళీ" అని చెప్పాలి. ఆ మాట వినేదాకా డ్రైవరు బస్సు కదపకూడదు. ఆవరణలో నిలిపాక డ్రైవరు ఇంజిను ఆపి, తనూ చివరిదాకా నడిచి, అలాగే వంగి చూసి, "ఈ బస్సు ఖాళీ" అన్న అట్టను వెనక అద్దానికి తగిలించాలి. తర్వాతే తలుపు మూయాలి. సంతకాలు ఆ తర్వాత. బస్సెక్కినట్టు గీత ఉండి, తరగతిలో లేని పిల్ల పేరు కనిపిస్తే ఆఫీసువాళ్ళు ముందు డ్రైవరును బస్సు దగ్గరికి పంపి, వెంటనే తల్లిదండ్రులకు ఫోను చేయాలి. చెక్ అన్న మాట పత్రం మొత్తంలో ఎక్కడా ఉంచలేదు.

మర్నాడు బొమ్మను వేరే వరసలో దాచి మళ్ళీ చేయించాను. కొత్తావిడకు దొరికింది. తెలుగు రాని ఇంకో ఆయాకు హిందీ ప్రతి ఇచ్చి చేయించాను. ఆమెకూ దొరికింది.

మేనేజరు పత్రమంతా చదివి బాగుందన్నాడు. అప్పుడు బొమ్మ సంగతి చెప్పాను.

"పాత ఆయా నిజమే చెప్పింది సార్. పత్రంలో ఉన్నట్టే చేసింది. ఈ మాట కేసు చూసేవాళ్ళకి తెలియాలి."

ఆయన పత్రం మూసి పక్కన పెట్టాడు. "మన పత్రమే తప్పని మనమే రాసివ్వమంటారా?" అని మెల్లగా అన్నాడు. "పాత విషయం లాయరు చేతిలో ఉంది. మీరు ముందు జరగాల్సింది చూడండి."

అయినా జరిగిందంతా ఈమెయిలులో రాసి పంపాను. జవాబు రాలేదు.

అక్క దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆమె ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను. తన మాట నిజమని ఒక మనిషైనా తేల్చినందుకు ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"చూశాను, కనబళ్ళేదు. అంతేగా?" అంది. "నువ్వన్నది నిజమేలే. కాని ఆ బిడ్డ లోపలే ఉన్నాడు కదే. నే దిగి, తలుపు పడ్డాక లేచి ఉంటాడు. నన్ను పిలిచుంటాడు."

"లాయరుకి చెప్పక్కా. కావాలంటే నేనొస్తాను."

"చెప్తాలే."

చెప్పలేదు. నేను రెండుసార్లు గుర్తుచేశాను. రెండోసారి ఫోను పెట్టేసింది. కేసు ముగిసి, జరిమానా కట్టి, ఆమె ఇంటికి వెళ్ళిపోయేసరికి బడి సెలవులు కూడా అయిపోయాయి. విమానాశ్రయానికి రావద్దంది. సహవాసంలో ఆమె కోసం ప్రార్థన చేస్తామన్నప్పుడు, బాబు కోసం చేయమని చెప్పి పంపింది.

సెప్టెంబరులో కొత్త ఆయాలకు నేనే శిక్షణ ఇచ్చాను. జగిత్యాల ఆవిడ నా పక్కన నిలబడి చేసి చూపించింది. వరస వరసకీ ఆగి వంగుతుంటే వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నిటారుగా నిలబడి వాళ్ళ వైపు తిరిగింది. "నవ్వకుండ్రి. నాకు సుత ఒకపారి ఖాళీగనే కనవడ్డది" అంది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

మొన్నామధ్య అక్కకు ఫోను చేశాను. ఊళ్ళో ఏదో హోటల్లో ఇడ్లీ పిండి రుబ్బుతోందట. కాసేపు అవీ ఇవీ మాట్లాడాక బాబు ఎలా ఉన్నాడని అడిగింది. వాళ్ళు వేరే బడికి మారిపోయారని, నాకు తెలియదని చెప్పాను.

"బస్సెక్కుతున్నాడా?"

"తెలీదక్కా."

అవతల నీళ్ళు పారుతున్న చప్పుడు వినిపించింది. గ్రైండరులో పిండి పొర్లిపోతోందని చెప్పి పెట్టేసింది.