‘ఫాస్ట్’ అందరికీ తెలిసిన మాటే

ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం నేను తిరుపతిలో మా అక్క ఇంట్లో దిగి, పదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు పాఠాలు తయారుచేసే పనికి వెళ్ళాను. చిత్తూరులో ఆడపిల్లల హైస్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని అప్పట్లో. మా పిల్లలు లెక్కల్లో గట్టెక్కేవాళ్ళు, సైన్సులో గట్టెక్కేవాళ్ళు, ఇంగ్లీషు దగ్గర కూలబడేవాళ్ళు. ఏటా ఇదే వరస. పాఠ్యపుస్తకం పక్కన చదువుకోవడానికి తేలిక పుస్తకం ఒకటి ఉంటే మేలని పైవాళ్ళకు తోచింది. ఆ పనికి ముగ్గురు టీచర్లను పిలిచారు. సెలవుల్లో పని అనేసరికి మిగతావాళ్ళు తప్పుకున్నారో, నాకే తప్పుకోవడం చేతకాలేదో, మొత్తానికి పేరు నాది పడింది.

ఆ ఏడు తిరుపతిలో నీళ్ళకు కరువు. తెల్లవారకముందే కొళాయి దగ్గర బిందెల వరస కట్టాలి. అక్కకు నడుంనొప్పి కాబట్టి ఆ పని నా మీద పడింది. నీళ్ళు పట్టి, వంటకు సాయం చేసి, ట్రైనింగ్ కాలేజీకి నడిచి వెళ్ళేసరికి ఒంట్లో ఉన్న సత్తువంతా అయిపోయేది. లైబ్రరీ పక్కన ఒక చిన్న గది ఇచ్చారు మాకు. ఫ్యాను తిరిగేది కానీ గాలి వచ్చేది కాదు.

మాకు పెద్ద, టీచర్లకు శిక్షణ ఇచ్చి రిటైరైన ఒకాయన. ఆయన్ని ఇద్దరమూ సార్ అనేవాళ్ళం. రెండో ఆయన శ్రీకాళహస్తిలో ఇంగ్లీషు మాస్టారు, ముస్లిం. నాకంటే పదేళ్ళు పెద్దవాడు, నెమ్మదైన మనిషి, ఇంగ్లీషు రాస్తే చదవబుద్ధయ్యేలా రాస్తారు. పాఠాలు రాయడం ఆయన పని. అందులో కొత్తమాటలు ఏరి, వాటి సంగతి తేల్చడం నా పని.

తేల్చడానికి సార్ లైబ్రరీలోంచి ఒక లావాటి పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. అట్ట ఊడిపోయిన నిఘంటువులా ఉంది కానీ అందులో అర్థాలు లేవు. అక్షర క్రమంలో మాటలు, ఒక్కో మాట పక్కన ఒక అంకె, అంతే. ఎవరో ఏళ్ళ తరబడి ఇంగ్లీషు పుస్తకాలూ పత్రికలూ ముందేసుకుని ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టారట. పది లక్షల మాటలు చదివితే ఈ మాట ఇన్నిసార్లు కనిపిస్తుందని ఆ అంకెకు అర్థం. మరీ తరచుగా వచ్చేవాటికి అంకె కూడా ఉండదు, అక్షరం గుర్తు ఉంటుంది. పాఠంలో నాకు కొత్తమాట కనిపిస్తే ముందు దాని మూలరూపం పట్టుకోవాలి. ‘సోక్డ్’ అని ఉంటే ‘సోక్’ దగ్గర వెతకాలి, ఎందుకంటే ఆ రూపాలన్నీ కలిపే లెక్కపెట్టారు. అంకె పెద్దదైతే ఆ మాట పిల్లలకు మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది, నేర్పితే లాభం, ఉంచాలి. చిన్నదైతే అరుదు, మార్చాలి. ఆ పుస్తకంలోనే లేకపోతే అడగనక్కర్లేదు.

చెప్పుకోవడానికి తేలిక పనే. చేస్తే తెలుస్తుంది. ఒక పాఠంలో ‘డ్రౌజీ’ అని ఉంటే చూశాను, అంకె చిన్నది. దాని బదులు ‘స్లీపీ’ పెడదామని చూస్తే దానిదీ పెద్ద గొప్ప అంకె కాదు. చివరికి ‘వాడికి పడుకోవాలనిపించింది’ అని వాక్యమే తిరగరాశాను. అలా తిరగరాస్తూ ఉంటే మధ్యాహ్నానికి నాకే పడుకోవాలనిపించేది.

కాళహస్తి మాస్టారు రాసిన పాఠాల్లో నాకు నచ్చినది కలంకారీ బట్ట గురించినది. చిన్నప్పుడు వాళ్ళ పక్కింట్లో ఆ పని చేసేవాళ్ళు. బట్టను కరక్కాయ రసం కలిపిన పాలల్లో నానబెట్టడం, కలంతో నల్లగీతలు గీయడం, ఎరుపు రావలసిన చోట పటికనీళ్ళు పూయడం, ఆపైన ఎర్రరంగు ఊరే వేర్లు వేసి ఉడకబెట్టడం, స్వర్ణముఖిలో పారే నీళ్ళలో జాడించడం, అన్నీ ఆయన దగ్గరుండి చూసినవే. పాఠం చివర ఒక వాక్యం: ‘నదిలో ఎంత జాడించినా ఏమీ కాలేదు, ఎందుకంటే ఆ ఎరుపు ఫాస్ట్.’

నేను వరసగా ఏరాను. కరక్కాయకు ఆయన రాసిన ఇంగ్లీషు పేరు జాబితాలో లేదు. రంగును బట్టకు పట్టించే పదార్థానికి ‘మోర్డెంట్’ అని రాశారు, దానికీ చోటు లేదు. పటికకు ‘ఆలమ్’, చాలా చిన్న అంకె. జాడించడానికి ‘రిన్స్’, అదీ చిన్నదే. రంగు అద్దడానికి ‘డై’, అది ఫరవాలేదు. ‘ఫాస్ట్’ పక్కన అక్షరం గుర్తు ఉంది. అంటే అందరికీ తెలిసిన మాట. దాని మీద టిక్కు పెట్టి ముందుకు పోయాను.

నా కాగితం చూసి మాస్టారు కరక్కాయ పేరు తీసేయమన్నారు, అది తనూ నిఘంటువు చూసే రాశానని ఒప్పుకున్నారు. మోర్డెంట్ కూడా పోనిమ్మన్నారు. ‘రిన్స్’ దగ్గర మాత్రం ఆగారు.

“ఇదీ తీసేస్తే ఇంకేం మిగులుతాదమ్మా? వాష్ అంటే ఉతకడం. వాళ్ళు ఆడ ఉతకలేదు, జాడించినారు. రెండూ ఒకటి కాదు కదా.”

ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. అంతకుముందు పాఠాల్లోనూ నేను తీసేసిన మాటల్ని ఆయన ఒక్కొక్కటే వదులుకుంటూ వచ్చారు. సార్ కల్పించుకుని, జాబితా ఒక్కటే కొలత కాదన్నారు. పాఠానికి తప్పనిసరైన మాట అరుదైనదైనా, ఒకటి రెండైతే ఉంచవచ్చట. కాకపోతే అదే పాఠంలో నాలుగైదు సార్లు రావాలి, పక్కన తెలుగు అర్థం ఇవ్వాలి. ‘రిన్స్’నూ ‘ఆలమ్’నూ అలా ఉంచి, ముందు పిల్లల దగ్గర చదివించి చూద్దామన్నారు.

ఊళ్ళో ఒక స్కూల్లో, ఇంగ్లీషు తప్పిన ఆడపిల్లలకు సెలవుల్లో క్లాసులు నడిచేవి. పాఠం సైక్లోస్టైల్ కాగితాలు పట్టుకుని నేనే వెళ్ళాను. ‘రిన్స్’ గురించి నాకు భయంగా ఉంది. భయపడాల్సిన పనే లేకపోయింది. ముందు వాక్యం చదవగానే, పక్కన అర్థం చూడకుండానే, వెనక బెంచీలోంచి జాడించడం అన్నారు. ‘ఆలమ్’కు పక్కన పటిక అని చూడగానే, ఇంట్లో తాగే నీళ్ళలో వేస్తామని చెప్పారు. ఆఖరి ప్రశ్న, బట్టను నదిలో జాడిస్తే రంగు ఏమైంది, అని. అందరూ రాశారు. కాగితాలు తిప్పుతూ ఉంటే నా చేతులు నెమ్మదించాయి. దాదాపు అందరూ ఒకే తప్పు రాశారు.

ముందు వరసలో ఉన్న ఒక పిల్లను లేపి అడిగాను.

“రంగు బిరీన పోయింది మేడం,” అంది. “ఎర్రరంగు ఫాస్ట్ అని రాసుండారు కదా.”

“ఏమీ కాలేదు అని ముందే ఉండాది కదమ్మా?”

“అంటే బట్టకు ఏం కాలేదు మేడం. రంగు పోయింది.”

తప్పుపట్టడానికి వీల్లేదు. ఫాస్ట్ బస్సు, ఫాస్ట్ ప్యాసింజరు, ఫాస్టుగా నడువు. ఆ పిల్లకు ఆ మాట పుట్టినప్పటినుంచీ తెలుసు. అందుకే ఆగి ఆలోచించలేదు. తెలియని మాటల దగ్గర ఆగారు, వెనకాముందూ చూసుకున్నారు, దారి కనుక్కున్నారు. తెలిసిన మాట దగ్గర నేరుగా పోయి గోతిలో పడ్డారు. నేను టిక్కు పెట్టిన మాట దగ్గరే.

తిరిగి వచ్చి చెప్పాను. మాస్టారు నవ్వారు, ఆ నవ్వులో సంతోషమేమీ లేదు. సార్ నవ్వలేదు. లోపలికి వెళ్ళి ఇంకో పుస్తకం వెతికి తెచ్చారు. ఇది చిన్నది, మామూలుగా వాడే మాటలే ఉన్నాయి కానీ ఒక్కో మాట కింద దాని అర్థాలు విడివిడిగా రాసి, ఏ అర్థానికి ఎంత వాటా వస్తుందో నూటికి ఇంత అని వేశారు. ‘ఫాస్ట్’ తీసి చూపించారు. పెద్ద వాటా వేగానిదే. గట్టిగా పట్టుకుని ఉండటం అనే అర్థం దాని తర్వాత. మాస్టారు వాడిన అర్థం, వెలిసిపోని రంగు అని, విడిగా లేనేలేదు.

“జాబితా అబద్ధం చెప్పలేదమ్మా,” అన్నారు. “మనం మాట గురించి అడిగినాం, చెప్పింది. అర్థం గురించి అడగలేదు.”

ఆ మాటకు నాకు ఊరట కలగాలి. కలగలేదు, ఎందుకంటే దాని అర్థం ఏమిటో వెంటనే తెలిసింది. ఇన్నాళ్ళూ అరుదైన మాటలనే పట్టుకున్నాను. మామూలు మాటలని టిక్కు పెట్టి వదిలేసినవన్నీ ఇప్పుడు మొదటినుంచీ చూడాలి, ఆ మాట అక్కడ ఏ అర్థంలో ఉందో, ఆ అర్థం వాటా ఎంతో. పాఠాలన్నీ మళ్ళీ ముందేసుకున్నాం. ఒక దాంట్లో కొండ దగ్గర ‘స్ప్రింగ్’ ఉంది, అంటే నీటి ఊట, పిల్లలకు అది పెన్నులో తీగ. ఇంకో దాంట్లో ‘ఫైన్’ బట్ట ఉంది, అంటే సన్నని నేత, పిల్లలకు బాగున్న బట్ట. లేకపోతే లైబ్రరీలో కట్టే జరిమానా. ఇలాంటివి తీసేకొద్దీ వస్తూనే ఉన్నాయి. మధ్యాహ్నాలు కరెంటు పోయేది. మాస్టారు చొక్కా గుండీలు విప్పుకుని అట్టముక్కతో విసురుకుంటూ, ఒక వాక్యం తరవాత ఒకటి, నేను అడిగినట్లల్లా మార్చి ఇచ్చారు. వాదించడం ఎప్పుడో మానేశారు. వాదిస్తే బాగుండునని నాకు అనిపించేది.

కలంకారీ పాఠం ఆఖరున ‘ఆ ఎరుపు నదిలో పోలేదు’ అని ఉంచాం. పాత వాక్యం అందం దీనికి లేదు. ఆయన రెండుసార్లు చదువుకుని, “నేను రాసినట్లు లేదు, అయినా పిల్లోళ్ళు ఈసారి తప్పు రాయరు. ఉండనీ,” అన్నారు.

మార్చిన కాగితాలు మళ్ళీ అదే పిల్లల దగ్గరికి తీసుకుపోయాను. రంగు పోలేదని అందరూ రాశారు. ముందు వరస పిల్ల మాత్రం, మొన్న పోయిన రంగు ఇప్పుడెట్లా పోలేదని అడిగింది. ‘ఫాస్ట్’కు వెలిసిపోనిది అనే అర్థం కూడా ఉందని అప్పుడు చెప్పాను. విని, తలూపి, కాగితం అంచున తెలుగులో రాసుకుంది. పరీక్షలో అది ఎదురు కాకపోవచ్చని నాకు తెలుసు. రాసుకోవద్దని అనలేకపోయాను.

పని ముగిసిన రోజు కాగితాలన్నీ కట్టగట్టి సార్‌కు అప్పజెప్పి, మాస్టారూ నేనూ బస్టాండుకు నడిచాం. కాళహస్తి బస్సు, చిత్తూరు బస్సు ఎదురెదురుగా ఆగి ఉన్నాయి. కిటికీ పక్కన సీటు దొరికింది నాకు. అటు బస్సులో ఆయన అప్పటికే తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నారు. చెయ్యి ఊపుదామని ఎత్తి, లేపడం ఎందుకని దించేశాను. స్కూలు తెరవడానికి ఇక వారం కూడా లేదు.