మూడు వాయిదాల దరఖాస్తు

పద్దెనిమిదేళ్లు పత్రికలో ఇతరుల కష్టాలు రాశాను. నా కష్టం రాయాల్సి వచ్చేసరికి చేయి తిరగలేదు.

కొత్తగా వచ్చిన ఐటీ కంపెనీల పుణ్యమా అని మొయినాబాద్ చుట్టుపక్కల ప్లాట్ల ప్రకటనలు మా జిల్లా పేజీలను నింపేసిన రోజులవి. అంతలో అమెరికాలో బ్యాంకులు కూలాయి, ఇక్కడ ప్రకటనలు ఆగాయి. మా పేజీ ఎత్తేశారు. దానితోపాటు నన్నూ.

మేము చేవెళ్లలో కిరాయికి ఉండేవాళ్లం. అమ్మాయి మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో పదో తరగతి చదువుతోంది. రెండో టర్మ్ ఫీజు కట్టలేదు. సోమవారం నుంచి ప్రీఫైనల్ పరీక్షలు. ఫీజు బాకీ లేదని ఆఫీసు నుంచి చీటీ తెచ్చుకోని పిల్లలను పరీక్ష గదిలోకి రానివ్వరని, లైబ్రరీలో కూర్చోబెడతారని శుక్రవారం సాయంత్రం అమ్మాయి వచ్చి చెప్పింది.

"దరఖాస్తు రాయి. ఊరందరికి రాసిస్తవు గద," అన్నది నా భార్య.

నిజమే, పింఛన్ల కోసం, కరెంటు స్తంభాల కోసం చాలామందికి రాసిచ్చాను. కూర్చుని అరగంటలో రాసేశాను. ఆమె కాగితం తీసుకుని పైకి చదివింది.

"ఆర్థిక మాంద్యం ప్రభావం చేవెళ్ల మండలంలోని మధ్యతరగతి కుటుంబాలపైనా పడుతోంది. ఉపాధి కోల్పోయిన తల్లిదండ్రులు ఫీజులు చెల్లించలేక సతమతమవుతున్నారు. పాఠశాల యాజమాన్యాలు మానవతా దృక్పథంతో స్పందించాలని వారు కోరుతున్నారు."

ఆగి అడిగింది. "వారంటె ఎవరు?"

"మనమే."

"మనమని ఏడ రాసినవ్?"

"చివరి పేరాలో ఒక తండ్రి సంగతి ఉన్నది చూడు."

"చివరి పేరా ఎవరు చదువుతరు? నీ పేపర్ల నేనే ఎన్నడు చదువలే."

అయినా నేను మార్చలేదు. 'నేను' అన్న మాట ఎక్కడ కనబడ్డా ఇన్నేళ్లూ నేనే కొట్టేస్తూ వచ్చాను.

శనివారం పొద్దున బస్సెక్కి మొయినాబాద్ వెళ్లాను. బడి యజమాని నాకు పాత పరిచయమే. ఏటా వార్షికోత్సవం ఫొటోలు పంపి, వేయమని ఫోన్ చేసేవాడు. కూర్చోమన్నాడు, చాయ్ తెప్పించాడు. కాగితం చదువుతూ చదువుతూ లేచి గది తలుపు దగ్గరికి వేశాడు.

"అన్నా, ఇది ఎప్పుడు వేస్తరు?"

"వేసేదేం లేదు."

"బడి పేరు రాయలేదు గని, చదివినోళ్లకు సమజైతది గద. ఆ తండ్రి ఎవరో జర చెప్పు. ఫీజు మొత్తం మాఫీ చేస్త. పేపర్ల మాత్రం వద్దు."

మొత్తం మాఫీ. నేను నోరు విప్పకపోతే చాలు. ఎవరో ఒక తండ్రి పిల్ల పేరని అమ్మాయి పేరు చెప్పి వచ్చేయవచ్చు; ఆమె నా కూతురని ఆయనకు తెలియదు. చాయ్ తాగుతూ ఆ సంగతి నిదానంగానే ఆలోచించాను. కానీ ఇప్పుడు నాది కాని పేపరును చూపించి బెదిరించినట్టే అవుతుంది. అదీగాక, అదే బడిలో చదివే అమ్మాయికి ఆ మాఫీ ఎలా వచ్చిందో తెలియకుండా పోదు.

"ఆ తండ్రిని నేనే. పేపరు వాళ్లు నన్ను తీసేసిండ్రు," అన్నాను.

ఆయన కాగితాన్ని చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ కాగితాన్ని చూశాడు.

"అంటె ఇది వార్త కాదా?"

"దరఖాస్తు."

"దరఖాస్తు గిట్ల రాస్తరా అన్నా?" అంటూ వెళ్లి తలుపు తీశాడు. ముఖంలో రంగు తిరిగి వచ్చింది, మాఫీ మాత్రం ఆ తలుపులోంచే బయటికి పోయింది. "మాఫీ అంటె రేపు అందరు వస్తరు. వాయిదాలు చూద్దాం. ఆఫీసుల మేడమ్ ఎట్ల చెప్తె అట్ల రాసుకరా."

ఆఫీసులో ఫీజులు తీసుకునే పెద్దావిడ ఇలాంటివి చాలా చూసినట్టుంది. తెల్లకాగితం నా ముందుకు తోసింది.

"రాయిండ్రి సార్. పిల్ల పేరు, తరగతి, సెక్షన్. మొదటి టర్మ్ కట్టిన. ఉద్యోగం పోయింది. మిగిలింది మూడు నెలలు, నెలనెలా పదో తారీకు లోపల కడత. కింద సంతకం."

"ఎందుకు పోయిందో రాయాలా?"

"వద్దు. ఎప్పుడు కడతరో రాయిండ్రి. సారు అదే చూస్తడు. పని పోయినట్టు కాగితం ఏమన్న ఉన్నదా?"

పత్రిక ఇచ్చిన ఉత్తరం జేబులో ఉంది. రెండే వాక్యాలు. ఆమె చదివి మెచ్చుకోలుగా తల ఊపింది.

"వీళ్లు మంచిగ రాసిండ్రు. చదువంగనె సమజైంది."

యజమాని ఆ కాగితం మూలన 'మూడు వాయిదాలకు అనుమతి' అని రాసి సంతకం పెట్టాడు. ఆవిడ చీటీ చింపి ఇచ్చింది. ఇంటర్వెల్‌లో అమ్మాయిని వరండాలోకి పిలిచి ఇచ్చాను.

"ఒక్క సోమవారానికేనా, అన్ని పరీక్షలకా డాడీ?"

నేను చదవనే లేదు. ఆమే తిప్పి చూసుకుంది. అన్ని పరీక్షలకూ అని రాసి, ముద్ర వేసి ఉంది. దాన్ని జామెట్రీ బాక్సులో పెట్టుకుని, లెక్కల్లో ఇంకా రెండు చాప్టర్లు మిగిలాయని చెప్పి క్లాసులోకి వెళ్లిపోయింది.