దండ వేసిన కుక్క ఫొటో

మా కుక్క దొరికిందంటే అది మా ఆయన పెట్టిన ఫొటో పుణ్యమేనని మా పటాన్‌చెరు కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఫొటో వల్ల కుక్క దొరకలేదు, చచ్చిపోయింది. అంటే, కాలనీ వాట్సాప్ గ్రూపులో చచ్చిపోయింది.

ఆదివారం పొద్దున పాల వ్యాను హారన్‌కు బెదిరి గేటు దాటింది. పదకొండేళ్ల ముసలిది. ఫిట్స్ మాత్ర రెండు పూటలా పడాలి. ఆ పూట మాత్ర పడలేదని మా అత్తమ్మ చాయ్ కూడా ముట్టకుండా గేటు దగ్గరే కూర్చుంది.

మా ఆయన గ్రూపులో పెట్టింది గృహప్రవేశం నాటి ఫొటో. నుదుట బొట్టు, మెడలో బంతిపూల దండ. కింద "మా ఇంటి ముద్దుబిడ్డ, అందరికీ పంపండి" అని రాశాడు. ఎక్కడ, ఎప్పుడు తప్పిపోయిందో లేదు. అసలు తప్పిపోయిందనే లేదు. పది నిమిషాల్లో పన్నెండు 'ఓం శాంతి'లు. వెనక వీధి చర్చి టీచరమ్మ "ప్రభువు మిమ్మల్ని ఓదార్చును గాక" అని పెట్టింది.

"మంచి ఫొటో పెట్టాలె గదా!" అన్నాడు.

"పెండ్లిచూపులకా? ఇప్పుడు మూతి తెల్లబడ్డది, కుంటుతది. ఈ ఫొటో జూసి ఎవడు గుర్తుపడ్తడు? తీసెయ్యుండ్రి!"

తీసేశాడు. అప్పటికే ఇతర గ్రూపులకు పోయినవి పోనే పోయాయి. నేను మొన్నటి ఫొటో తీసుకుని, విషయమంతా దాని మీదే రాశాను. మనవాళ్లు ఫొటో పంపి రాతను వదిలేస్తారు మరి.

"కుక్క తప్పిపోయింది. ఆడకుక్క, గోధుమరంగు, మూతి తెలుపు, ఎడమ వెనక కాలు కుంటు. ఆదివారం ఉదయం ఆరున్నరకు సర్వీసు రోడ్డు పాలబూత్ దగ్గర చివరిసారి కనబడింది. మందు వేయాలి. తరమకండి. పిలిస్తే రాదు, బిస్కెట్ పొట్లం చప్పుడుకు వస్తుంది."

"పిలిస్తే రాదని రాస్తవా? ఇజ్జత్ పోతది," అన్నాడు.

"మీరు పిలిస్తే ఎన్నడన్న వచ్చిందా?"

కింద ఫోన్ నంబరు, అదే సంగతి హిందీలో. పొట్ట మీది రూపాయి బిళ్లంత తెల్లమచ్చ మాత్రం కావాలనే రాయలేదు. నేను కాలనీ గ్రూపులో పెట్టిన ఆ ఫొటోను పైవాటాలో కిరాయికుండే ఆయన తన కంపెనీ షిఫ్టు బస్సు గ్రూపులో వేశాడు.

మధ్యాహ్నం గుమ్మడిదల నుంచి ఫోన్. "మేడం, మీ కుక్క దొరికింది!"

"పొట్ట మీద ఏమున్నది?"

"పొట్ట మీద... ఏముంటది మేడం, పొట్టనే ఉంటది."

పెట్టేశాను. మూడింటికి ఇంకొకటి, కంపెనీ క్యాంటీన్‌లో పనిచేసే బిహారీ మనిషి. "మేడమ్, బిస్కుట్ బజాయా తో ఆ గయీ. పేట్ పే సఫేద్ నిషాన్ హై, గోల్." బిస్కెట్ పొట్లం చప్పుడుకు వచ్చిందట, పొట్ట మీద గుండ్రటి తెల్లమచ్చ ఉందట.

ఆటోలో వెళ్లి తెచ్చుకున్నాం. అత్తమ్మ ఇడ్లీ ముక్కలో మాత్ర పెట్టి తినిపించి, మిగతా ఇడ్లీ తను తింది. అదే ఫొటో మీద 'దొరికింది, ఇక పంపకండి' అని రాసి అన్ని గ్రూపుల్లో వేశాను. దండ ఫొటోకు మాత్రం ఎక్కడెక్కడి నుంచో ఇంకా సంతాపాలు వస్తూనే ఉన్నాయి.

ఒక్కటే అడుగుతాను. మా ముద్దుబిడ్డ పోయిందని నిజంగానే నమ్మారు కదా, ఆ పన్నెండు మందిలో తొమ్మిది మంది మా వీధివాళ్లే. గేటు దగ్గర కూర్చున్న ముసలావిడను పలకరించడానికి ఒక్కరైనా ఎందుకు రాలేదు?