బిల్లు మీద నాన్నగారి పేరు

నాకు రాయడం సరిగా రాదు, అక్షరాలు తప్పుతాయి, ఏమనుకోకండి.

అమలాపురంలో మాది పైపుల కొట్టు. నేను కొనే చోటే, అదే ధరకు కొని, ఎదుటి కొట్టాయన నాకంటే తక్కువకు అమ్ముతుంటే కడుపు మండేది. నా బేరాలన్నీ అటే పోయేవి.

ఆడిటర్‌గారు నా కొనుగోలు బిల్లు చూసేరు. "మీ నాన్నగారి పేరుందేంటండీ? మీ జీఎస్టీ నంబరేదీ?"

"కొట్టు పెట్టింది ఆయనేగదండీ, గౌరవానికి రాయించేనండి."

"మీ నంబరుండి, మీకు సరుకమ్మినాయన తన జీఎస్టీ రిటర్నులో చూపిస్తే, ఆ బిల్లులో కట్టిన పన్ను మీ అమ్మకాల పన్నులోంచి తగ్గుద్దండీ. ఎదురాయనకి తగ్గుతోంది. మీరు దాన్ని సరుకు ధరలో కలిపేసుకుంటున్నారు."

"ఆయ్!" అన్నాను.

ఇప్పుడు బిల్లులో నా నంబరుంది, నాన్నగారి పేరు బోర్డు మీదుంది. ధర ఇద్దరిదీ ఒకటే. అయినా ఎదుటి కొట్టు ముందు బండి ఆగితే ఇప్పటికీ కుళ్ళుకుంటాను. తప్పులుంటే మన్నించండి.