చీరకొక దెబ్బ

ఎనభైల చివర్లో ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి దగ్గర కంప్యూటర్ లెక్కలు చూసే కొత్త ఉద్యోగం నాది. ఏ నేతగాడి చీరలు ఎన్ని వాపసు వచ్చాయో నెలనెలా కంప్యూటరే రిపోర్టు అచ్చువేసేది. యజమాని ఆ నేతగాణ్ని చీరకొక దెబ్బ చొప్పున బెత్తంతో కొట్టేవాడు.

ఆ రోజు రిపోర్టులో నేతగాడు ఓబులేసన్న పేరు మీద ఆరు చీరలు పడ్డాయి. అనుమానమొచ్చి కాగితాలు తిరగేశాను. వాపసొచ్చిన ప్రతి చీరకూ గోడౌన్ చీటీ ఒకటి, డబ్బు తిరిగి జమచేస్తూ కొన్న షాపుకిచ్చే క్రెడిట్ నోటు ఒకటి ఉన్నాయి. చీర నంబరు సరిచూడకుండా ప్రోగ్రాం రెండింటినీ రెండు చీరలుగా కూడుతోంది. ఏడు నెలలుగా!

అప్పటికే యజమాని కొడుతున్నాడు; నాలుగో దెబ్బకు ఓబులేసన్న వీపు చిట్లింది. "ఆపండి, వచ్చినవి మూడే!" అని బెత్తం పట్టుకున్నాను. నా అరచెయ్యి తెగింది.

"మిషన్ తప్పు చెప్తాదా?" అని యజమాని అరిచాడు.

"సరిచూడకుండా రిపోర్టు ఇచ్చిన తప్పు నాది" అన్నాను.

ఓబులేసన్న రక్తం తుడుచుకుంటూ అన్నాడు: "కాగితం దిద్దుతావులేమ్మా. ఇన్నాళ్లూ ఎచ్చుగా పడిన దెబ్బలు యాడ తీసేస్తావు?"

అరచేతి మచ్చ చూసినప్పుడల్లా ఆ ప్రశ్నే వినిపిస్తుంది.