రెండుసార్లు వచ్చిన ఒంటిగంట

కాల్గరీలో చదువుకునే రోజుల్లో నేనూ, వరంగల్ నుంచి వచ్చిన నా క్లాస్‌మేటూ ఒకే బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్లం. ఆయిల్ ట్యాంకుల అలారాలను కంప్యూటర్లో గమనించే ఒక చిన్న ఆఫీసులో ఇద్దరికీ పార్ట్‌టైమ్ పని దొరికింది. చదువయ్యాక ఒక్కరినే ఉంచుకుంటామని ముందే చెప్పారు. అప్పటినుంచి ఆమె కీబోర్డు చప్పుడు విన్నా నాకు చిరాకే.

నవంబరులో, అక్కడ ఏటా చేసినట్టే, చలికాలం కోసం గడియారాలు గంట వెనక్కి తిప్పిన ఆదివారం మర్నాడు మేనేజర్ మమ్మల్నిద్దర్నీ పిలిచారు. ఆయనది కాకినాడ; మాతో తెలుగే మాట్లాడేవారు.

"నిన్న తెల్లవారుజామున ట్యాంకు నిండిపోతోందని అలారం ఒకటీ నలభైకి మోగింది. ఆపరేటర్ వాల్వు మూసింది ఒకటీ పదికి. మూసిన అరగంటకి అలారం ఎందుకు మోగుతుంది? సెన్సర్ పాడైనట్టుంది. మార్చడానికి మనిషిని పంపిద్దాం."

నేను తలూపాను. ఆమె ఊపలేదు.

"సార్, నిన్న ఒంటిగంట రెండుసార్లు వచ్చింది కదా. రెండు కాగానే గడియారాన్ని మళ్లీ ఒంటిగంటకు తిప్పుతరు. అలారం మొదటి గంటలది, వాల్వు రెండో గంటలది అయ్యుండొచ్చు."

మేనేజర్ కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నారు. నాకు ఒళ్లు మండింది.

"అయ్యుండొచ్చంటే సరిపోతుందా? రెండూ ఒకే గంటలోవి కావని ఏంటి గ్యారంటీ? స్క్రీన్ మీద రెండు గంటలూ ఒకేలా ఉన్నాయి" అన్నాను.

ఆమె స్క్రీన్ వైపు వంగి చూసింది. "నిజమే, స్క్రీన్ మీద తెల్వదు. కానీ సెన్సరైనా వాల్వైనా మనకు యూటీసీ టైమే పంపుతది. ప్రపంచమంతటికీ అదొక్కటే. అది వెనక్కి తిరగదు."

ట్యాంకు దగ్గర్నుంచి వచ్చిన అసలు డేటా తెరిచింది. అలారం ఏడూ నలభై. వాల్వు ఎనిమిదీ పది.

"సమ్మర్ టైముల మనం యూటీసీకి ఆరు గంటలు వెనక, వింటర్ టైముల ఏడు గంటలు. ఏడూ నలభైల నుంచి ఆరు తీస్తే ఒకటీ నలభై. ఎనిమిదీ పదిల నుంచి ఏడు తీస్తే ఒకటీ పది."

అంటే అలారం మోగిన అరగంటకు వాల్వు మూశారు. సెన్సర్ బాగానే ఉంది. మనిషిని పంపడం మానుకున్నారు. ఇకపై స్క్రీన్ మీద ప్రతి టైము పక్కనా మైనస్ ఆరో, మైనస్ ఏడో కనిపించాలన్నారు మేనేజర్. ఆ మార్పు చేసే పని నాకిచ్చారు. కనిపెట్టిన పేరు ఆమెది, చాకిరీ నాది అనుకుంటూ వారమంతా చేశాను.

మేనేజర్ పిలిచిన రోజు సాయంత్రం, సీట్రెయిన్ అనే సిటీ రైల్లో ఇంటికొస్తుంటే ఆమె అంది: "నువ్వు అడగబట్టే యూటీసీ చూడాలని తోచింది. థాంక్స్."

కాస్త గర్వం చూపించినా హాయిగా ద్వేషించేదాన్ని. కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చున్నాను.

ఏప్రిల్‌లో ఉద్యోగం ఆమెకే వచ్చింది. వేసవిలో నాకు టొరంటోలో దొరికితే, ఎయిర్‌పోర్టులో దించడానికి సెలవు పెట్టి మరీ వచ్చింది. ఇప్పటికీ ఆమెకు ప్రమోషన్ వచ్చిందని ఫోన్లో చూస్తే ముందు కడుపు మండుతుంది. కాసేపాగి కంగ్రాట్స్ పెడతాను.